ఆర్‌ఓ ఫిల్టర్ మార్చే కాగితం: స్టెప్‌కి ఒక్క పనే ఉండాలంటే ఎక్కడ విడగొట్టాలి?

సర్వీసు_శీను

నమస్తే అందరికీ. మాది చిన్న ఆర్‌ఓ సర్వీస్ షాపు. బయట గోడకి తగిలించి ఉండే ప్రీఫిల్టర్ ఉంటది కదా, దాంట్లో తెల్ల క్యాండిల్ మార్చడానికి ప్రతి ఇంటికీ మనిషిని పంపలేకపోతున్నాం, అదేమంత బ్రహ్మవిద్య కాదు వాళ్లే మార్చుకుంటారులే అని ఒక పేజీ రాసి క్యాండిల్‌తో పాటు ఇస్తున్నాం. అయినా ఫోన్లు ఆగట్లేదు. బౌల్ ఊడట్లేదు అని కొందరు, మార్చాక నీళ్లే రావట్లేదు అని కొందరు, లీక్ అవుతోంది అని మిగతావాళ్లు. కాగితంలో అన్నీ రాశాం కదా అంటే చదివే చేశాం అంటున్నారు. తెలిసినాయన ఒకరు చూసి స్టెప్పులు ఒక తీరులో లేవయ్యా, ఒక్కోదాంట్లో నాలుగు పనులు కూరావు అన్నారు. కింద పెడుతున్నా, కాస్త చూసి చెప్పండి.

1. ముందుగా ఇన్‌లెట్ వాల్వ్ మూసి, ప్లగ్ తీసి, ట్యాంకులోని నీరు ఖాళీ చేయాలి.
2. స్పానర్ సహాయంతో ప్రీఫిల్టర్ బౌల్ విప్పుట.
3. పాత క్యాండిల్ తొలగించి, బౌల్‌ను బ్రష్‌తో కడిగి, ఓ-రింగ్ సరిచూసుకొని, కొత్తది పెట్టి బిగించండి.
4. లీకేజీ ఉండరాదు.
5. వాల్వ్ తెరిచి ప్లగ్ పెట్టండి. ప్లగ్ పెట్టే ముందు లీకేజీ గమనించవలెను.
6. మొదటి ట్యాంకు నీరు త్రాగరాదు.

గోపాలం_మాస్టారు

శీనూ, చూడగానే కనబడుతోంది. చేయాలి, విప్పుట, బిగించండి, ఉండరాదు, గమనించవలెను. ఆరు స్టెప్పులకి అయిదు రకాల క్రియలు వాడావు. విప్పుట అని పరీక్ష పేపర్లో రాసినట్టుంది, వలెను గవర్నమెంటు నోటీసులా ఉంది. అన్నీ "చేయాలి" అని మార్చెయ్, అదే గౌరవంగానూ ఉంటుంది. ఇక రెండో సంగతి, వాక్యానికి ఒక్క క్రియే ఉండాలి. మూసి, తీసి, కడిగి లాంటివి కనిపిస్తే అక్కడ కత్తెర వేసి కొత్త నంబరు ఇవ్వు. ఇంతే, దీంట్లో పెద్ద శాస్త్రం ఏం లేదు.

విజయ_నెల్లూరు

అన్నా మా బోరు నీళ్లు టీడీఎస్ 900 వస్తోంది, ఏ ఆర్‌ఓ తీసుకోమంటారు? కాపర్ ఉన్నది మంచిదా మామూలుది చాలా?

సర్వీసు_శీను

విజయ గారూ దానికి వేరే థ్రెడ్ పెట్టండమ్మా, అక్కడ చెప్తా. ఇక్కడ కాగితం గొడవ నడుస్తోంది 🙏

మాస్టారూ, మీరు చెప్పినట్టు అన్నీ చేయాలి అని మార్చి చూశా. చూడ్డానికి బాగుంది కానీ నాకు అనుమానం ఏంటంటే దీనివల్ల బౌల్ ఊడుతుందా అని. ఫోన్ చేసేవాళ్లు ఎవరూ నాకు క్రియ అర్థం కాలేదు అనట్లేదు కదా.

మాన్యువల్_కమల

శీను గారూ, నేను మెషీన్ల మాన్యువల్స్ రాసే పనిలోనే ఉన్నాను చాలా ఏళ్లుగా. మీ అనుమానం సరైనదే. క్రియ రూపం ఒకటి చేయడం అవసరమే కానీ అది చివర్లో చేసే పని. ముందు విడగొట్టాలి, ఎందుకంటే విడగొట్టేటప్పుడే అసలు తప్పులు బయటపడతాయి.

మీ మూడో స్టెప్ తీసుకోండి. "ఓ-రింగ్ సరిచూసుకొని, కొత్తది పెట్టి బిగించండి". కొత్తది అంటే ఏది? మీ మనసులో క్యాండిల్ ఉంది. చదివేవాళ్లకి దానికి ముందే ఓ-రింగ్ అన్న మాట ఉంది. ప్యాకెట్లో కొత్త ఓ-రింగ్ లేదే అని వెతుక్కునేవాళ్లు కచ్చితంగా ఉంటారు. మన భాషలో ఈ సౌకర్యం ఎక్కువైపోయింది, తీసి, కడిగి, చూసి, పెట్టి అని ఎంత దూరమైనా పూసలు గుచ్చినట్టు పోవచ్చు, వాక్యం ఎక్కడా తప్పు కాదు, అందుకే రాసేవాళ్లకి ఇది ఒక్క వాక్యమే కదా అనిపిస్తుంది. చదివేవాళ్లు మాత్రం తడి చేత్తో బౌల్ పట్టుకుని ఉంటారు, కాగితం మీదికి చూపు తిప్పినప్పుడల్లా ఆ వాక్యంలో ఎక్కడున్నారో వెతుక్కోవాలి.

మాస్టారి మాట సగం ఒప్పుకుంటా. క్రియలు లెక్కపెట్టి కోస్తే కొన్నిచోట్ల అనవసరంగా కోస్తాం. "బటన్ నొక్కి పట్టండి" అంటే రెండు క్రియలున్నా పని ఒకటే, దాన్ని నొక్కండి, పట్టండి అని రెండు నంబర్లు చేస్తే నవ్వులాట. అలాగే ఒక చేత్తో పైమూత కదలకుండా పట్టుకుని ఇంకో చేత్తో బౌల్ తిప్పాలి, ఆ రెండూ ఒకేసారి జరగాలి, విడగొడితే మొదట పట్టుకుని, వదిలేసి, తర్వాత తిప్పుతారు. విమానాల మెయింటెనెన్స్ కోసం పుట్టిన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అని ఒకటుంది, ఏఎస్‌డి-ఎస్‌టిఈ100 అంటారు, దాంట్లో కూడా వాక్యానికి ఒక్క ఆదేశమే అని చెప్పి, ఒకేసారి చేసే పనులకి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

నేను వాడే పరీక్ష వేరు. ఈ పని అయ్యాక మనిషి ఆగి, ఫోన్ మాట్లాడి వచ్చి, మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టగలడా? పెట్టగలిగితే అది ఒక స్టెప్. వాల్వ్ మూశాక ఆగొచ్చు. ప్లగ్ తీశాక ఆగొచ్చు. పైమూత పట్టుకుని ఆగలేం.

గోపాలం_మాస్టారు

నొక్కి పట్టండి సంగతి ఒప్పుకున్నానమ్మా. కానీ "ఆలి"కి "అండి"కి తేడా ఏమిటి? నాకు చేయాలి అన్నదే నిండుగా అనిపిస్తుంది.

మాన్యువల్_కమల

మాస్టారూ, "ట్యాంకు నిండాలి" అని చూడండి. అది మీరు చేసే పనా, దానంతట జరగాల్సిందా? "లైటు వెలగాలి" అంటే వెలిగించమనా, వెలుగుతుందో లేదో చూడమనా? "ఆలి" రెండింటికీ సరిపోతుంది కాబట్టే ఇబ్బంది. "అండి" అంటే ఎదుటి మనిషి చెయ్యాల్సిందే, వేరే అర్థం రాదు. అందుకని నేను పనికి "అండి", ఫలితానికి "తుంది" పెట్టుకుంటా. "వాల్వ్ తెరవండి. బౌల్‌లోకి నీళ్లు వస్తాయి." మొదటిది చెయ్యాల్సింది, రెండోది చూసుకోవాల్సింది, నంబరు మొదటిదానికే.

శీను గారి నాలుగో స్టెప్ "లీకేజీ ఉండరాదు" చూడండి. అది పనే కాదు, కోరిక. ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి, ఉంటే ఏం చెయ్యాలి, ఏదీ లేదు.

బాషా_టెక్నీషియన్

నేను ఫీల్డులో తిరిగేవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తా. మీరు వాక్యాలు ఎంత చక్కగా కోసినా ఫస్ట్ స్టెప్ ఆర్డరే తప్పు. వాల్వ్ మూసి వెంటనే ప్లగ్ పీకితే లోపల కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వ్ మూసుకుంటది, బౌల్‌లో నీళ్లు ప్రెషర్ తోనే ఇరుక్కుపోతాయి. ఇంక ఆ బౌల్‌ని ఆడవాళ్లు కాదు కదా మేము తిప్పినా బిగదీసుకుని ఉంటది, ఊడితే మొహాన కొడతది. మేమేం చేస్తామంటే వాల్వ్ మూశాక మిషన్ నడవనిస్తాం, మోటార్ ఆ బౌల్లో ప్రెషర్ లాగేస్తది, తర్వాత ప్లగ్ తీస్తాం. ఇంకోటి, ట్యాంకు ఫుల్లుగా ఉంటే మోటార్ తిరగనే తిరగదు, అందుకే కొన్ని నీళ్లు పట్టేస్తే అప్పుడు స్టార్ట్ అవుద్ది. ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిన పనే లేదు, తాగే నీళ్లు పారబోయించడం దేనికి? కొన్ని ప్రీఫిల్టర్ల పైన ప్రెషర్ వదిలే బటన్ ఉంటది, అది ఉంటే ఈ తంతే అక్కర్లేదు, నొక్కితే అయిపోద్ది.

మళ్లీ తిప్పే సైడు. బౌల్ కిందినుంచి ఎక్కుతది. జనాలు సీసా మూత అనుకుని తిప్పుతారు, మూత పైనుంచి ఉంటది కాబట్టి అది రివర్స్. ఊడదీయబోయి ఇంకా బిగించేస్తారు, స్పానర్ వేసి మరీ.

సర్వీసు_శీను

బాషా భాయ్ దండాలు నీకు. నేను రోజూ చేసే పనే ఇది, నేను కూడా మోటార్ నడిపాకే తీస్తా, కానీ రాసేటప్పుడు "మూసి, ప్లగ్ తీసి" అని చేతికి అలా వచ్చేసింది.

మాన్యువల్_కమల

అదే నేను చెప్పేది. "మూసి, తీసి, ఖాళీ చేసి" అని కలిపి రాసినప్పుడు వాటి మధ్య ఏం జరుగుతోందో అడిగే చోటు ఉండదు. మూడు నంబర్లు పెట్టగానే ఒకటికీ రెండుకీ మధ్య మోటార్ ఏం చేస్తోంది అన్న ప్రశ్న తనంత తనే వస్తుంది. మీ ఐదో స్టెప్ కూడా అంతే, ప్లగ్ పెట్టండి అని చెప్పేసి, పెట్టే ముందు చూడవలెను అన్నారు. వరసగా చేసుకుంటూ పోయేవాళ్లు అది చదివేసరికి ప్లగ్ పెట్టేసి ఉంటారు. "ముందు" అన్న మాట స్టెప్ మధ్యలో కనబడితే చాలు, ఆ పని పైకి వెళ్లాలి అని గుర్తు.

నీళ్లు రావట్లేదు అన్న ఫోన్ల సంగతేంటి శీను గారూ? కారణం కనుక్కున్నారా?

సర్వీసు_శీను

కవర్ అండి. కొత్త క్యాండిల్ మీద పల్చటి ప్లాస్టిక్ చుట్టి వస్తుంది, దాన్ని తీయకుండానే లోపల పెట్టేస్తున్నారు. కాగితంలో ఆ మాటే లేదు ఇప్పుడు చూసుకుంటే, "కొత్తది పెట్టి" లో కలిసిపోయింది.

బ్యాచ్_రికార్డు

నేను ఫార్మా ప్లాంట్‌లో డాక్యుమెంట్లు చూసేవాణ్ణి, మాదీ ఇదే గోల కాబట్టి రాస్తున్నా. మా బ్యాచ్ రికార్డులో ప్రతి స్టెప్ పక్కన చేసినవాడి సంతకం, చూసినవాడి సంతకం ఉంటాయి. ఒక స్టెప్‌లో "వాల్వ్ మూసి స్టిర్రర్ ఆన్ చేసి ఉష్ణోగ్రత నమోదు చేయండి" అని ఉంటే సంతకం దేనికి పెట్టినట్టు? మూడింటిలో ఒకటి మర్చిపోయినా సంతకం మాత్రం ఉంటుంది, తర్వాత ఏదైనా తేడా వస్తే ఎవరూ తేల్చలేరు. అందుకని మావాళ్లు అన్నీ ముక్కలు చేశారు. చేశాక ఇంకో తలనొప్పి. నంబర్లు ఎక్కువైపోయి ఆపరేటర్లు ఒక పేజీ పని అంతా చేసేసి చివర్లో వరసపెట్టి సంతకాలు కొట్టేస్తున్నారు. కమల గారూ ఎంతవరకు విడగొట్టాలి అన్నదానికి మీ ఫోన్ పరీక్ష బాగుంది కానీ మా దగ్గర ఆ లెక్కన చూసినా పేజీలకు పేజీలు అవుతాయి.

మాన్యువల్_కమల

మీ కేసులో నేనైతే రెండు వేరు చేస్తాను, పని ఎక్కడ విడగొట్టాలి అన్నది ఒకటి, సంతకం ఎక్కడ కావాలి అన్నది ఇంకోటి. ప్రతి పనికీ నంబరు ఉండొచ్చు, సంతకం మాత్రం వెనక్కి తీసుకోలేని చోట, కొలత రాసే చోట పెట్టొచ్చు. కానీ మీ క్యూఏ వాళ్లు ఒప్పుకుంటారా అన్నది నేను చెప్పలేను.

బ్యాచ్_రికార్డు

ఒప్పుకోరు 😄 అడిగి చూశాం.

సర్వీసు_శీను

మీరందరూ చెప్పినవి పెట్టుకుని మళ్లీ రాశా. బౌల్ తిప్పే దిశకి ఎడమ, కుడి అంటే ఎక్కడినుంచి చూసి అని అడుగుతారని, ఎదురుగా నిలబడితే కనబడే వైపు ఎటు జరగాలో రాశా. బాషా భాయ్ కరెక్టేనా చూడు.

కావలసినవి: కొత్త క్యాండిల్, బౌల్ స్పానర్, బకెట్, బ్రష్, పొడి గుడ్డ.

నీళ్లు ఆపడం
1. ఇన్‌లెట్ వాల్వ్ మూయండి.
2. మోటార్ శబ్దం వినిపించేదాకా ప్యూరిఫైయర్ ట్యాప్ నుంచి తాగే నీళ్లు పట్టండి.
3. మోటార్‌ని అర నిమిషం తిరగనివ్వండి. కొన్ని మిషన్లలో అది ముందే ఆగిపోతుంది.
4. ప్లగ్ తీయండి.

క్యాండిల్ మార్చడం
5. బౌల్ కింద బకెట్ పెట్టండి.
6. పైమూతని ఒక చేత్తో పట్టుకుని, బౌల్ ముందు వైపు మీ ఎడమకు జరిగేలా స్పానర్‌తో తిప్పండి.
7. బౌల్ వదులయ్యాక చేత్తో కిందికి దించండి.
8. పాత క్యాండిల్ బయటికి తీయండి.
9. బౌల్ లోపలి భాగం బ్రష్‌తో కడగండి. సబ్బు వాడకండి.
10. ఓ-రింగ్ గాడిలో కూర్చుని ఉందో లేదో చూడండి. ఊడి ఉంటే గాడిలో పెట్టండి. తెగి ఉంటే మాకు ఫోన్ చేయండి.
11. కొత్త క్యాండిల్ మీది ప్లాస్టిక్ కవర్ తీయండి.
12. కొత్త క్యాండిల్‌ని బౌల్ మధ్యలో నిలబెట్టండి.
13. బౌల్ ముందు వైపు మీ కుడికి జరిగేలా చేత్తో బిగించండి.
14. స్పానర్‌తో ఇంకో పావు చుట్టు బిగించండి.

లీకు చూడడం
15. ఇన్‌లెట్ వాల్వ్ సగం తెరవండి. బౌల్‌లోకి నీళ్లు వస్తాయి.
16. బౌల్ మెడ చుట్టూ పొడి గుడ్డతో తుడవండి.
17. బౌల్ మెడని వేలితో తాకి చూడండి. తడి తగిలితే వాల్వ్ మూసి, బౌల్ దించి, 10వ స్టెప్ నుంచి మళ్లీ చేయండి.
18. ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా తెరవండి.
19. ప్లగ్ పెట్టండి.

బాషా_టెక్నీషియన్

దిశ కరెక్టే. పావు చుట్టు పెట్టడం మంచి పని, లేకపోతే గట్టిగా బిగిస్తే లీక్ ఉండదనుకుని స్పానర్ మీద వేలాడతారు, పైమూత పగులుద్ది, లేదంటే రింగు నలిగి అదే లీక్ అవుద్ది.

కానీ మొదటి ట్యాంకు నీళ్లు తాగకూడదు అన్నది తీసేశావేంది?

సర్వీసు_శీను

భాయ్ అది కార్బనో మెంబ్రేనో మార్చినప్పుడు కదా, నల్ల పొడి వస్తుంది, రసాయనం వాసన ఉంటుంది అని. ఇది బయటి క్యాండిలే, దీని తర్వాత లోపల అన్ని ఫిల్టర్లు ఉన్నాయి. తాగే నీళ్లు ఊరికే పారబోయించడం దేనికి అని నువ్వే కదా పైన అన్నావు.

బాషా_టెక్నీషియన్

అది మార్చకముందు సంగతి. మార్చాక మాత్రం నేను రెండు లీటర్లు అయినా వదిలేయమంటా. జనాలకి తేడా తెలీదు, రేపు కార్బన్ మార్చుకుని కూడా ఇదే కాగితం చూస్తారు.

మాన్యువల్_కమల

అది కార్బన్ కాగితంలో రాయాలి బాషా గారూ, దీంట్లో కాదు. ఎప్పుడో ఎక్కడో పనికొస్తుందని ప్రతి కాగితంలో పెడుతూ పోతే ఆరు నెలలకి మళ్లీ మొదటికే వస్తాం. కానీ శీను గారి షాపు, ఆయనిష్టం.

శీను గారూ ఇప్పుడు చాలా బాగుంది. రెండు మూడు చోట్ల సరిచేయండి. 17లో వెనక్కి పంపేటప్పుడు "వాల్వ్ మూసి, బౌల్ దించి, మళ్లీ చేయండి" అని పాత పద్ధతిలోకి జారిపోయారు, పైగా వాల్వ్ మూసినా ఇప్పుడు బౌల్లో మళ్లీ ప్రెషర్ ఉంది, ప్లగ్ ఇంకా పెట్టలేదు కాబట్టి మోటార్ లాగదు. దాన్ని "తడి తగిలితే కింద 'లీకు ఉంటే' చూడండి" అని పెట్టి, విడిగా నాలుగైదు స్టెప్పులు రాయండి, దాంట్లో ప్లగ్ పెట్టడం మొదలుకుని రావాలి. 7లో మీరు "వదులయ్యాక" అని షరతు ముందు పెట్టి పని వెనక పెట్టారు, అది సరైన వరస. 3లో మాత్రం "కొన్ని మిషన్లలో" అన్నది చదివి మా మిషన్ ఆగకపోతే ఏంటి అని ఆలోచిస్తారు, "ముందే ఆగితే 4కి వెళ్లండి" అంటే సరిపోతుంది.

గోపాలం_మాస్టారు

అమ్మా, 19 చూసి జనం భయపడరూ? మొదట ఆరే ఉండేవి. ఆ ఇంగ్లీష్ పద్ధతిలో మాటల లెక్క ఏదో ఉంటుందని విన్నాను, అదైనా పెట్టుకుంటే సరిపోయేది కాదా?

మాన్యువల్_కమల

ఉంది, దాంట్లో పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. మనకి ఆ లెక్క పట్టుకుంటే లాభం లేదు మాస్టారూ, "వినిపించేదాకా" అన్న ఒక్క మాటే ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలవుతుంది, శీను గారి పాత మూడో స్టెప్ కూడా 20 దాటలేదు, లెక్కపెట్టుకోండి. ఇక 19 సంగతి, పని పెరగలేదు, ఆరింట్లో దాక్కున్నవి బయటికొచ్చాయి. మూడు గుంపులు చేశారు కాబట్టి కన్ను ఒకసారి నాలుగో పదో చూస్తుంది అంతే.

గోపాలం_మాస్టారు

ఏమో, నాకైతే పదికి మించితే కాగితం పక్కన పెట్టి పనివాణ్ణే పిలవాలనిపిస్తుంది. మా ఆవిడా అదే అంది.

సర్వీసు_శీను

పక్కింటి పిన్నికి ఇచ్చి చేయించి చూశా నిన్న, నేను నోరు మూసుకుని నిలబడ్డా. వాల్వ్, మోటార్, ప్లగ్ అన్నీ సాఫీగా అయ్యాయి, బౌల్ కూడా ఈసారి ఊడింది. 10 దగ్గర ఆగిపోయింది. ఓ-రింగ్ అంటే ఏదిరా శీనూ అంది. నల్ల రబ్బరు రింగు అని చెప్పాల్సొచ్చింది. అందుకని అక్కడ "బౌల్ అంచులో ఉన్న నల్ల రబ్బరు రింగు" అని మార్చా, షాపులో మనం అనే పేరు ఆవిడకెందుకు. ఇంకోటి, 8 అవ్వగానే ఆవిడ కొత్త క్యాండిల్ చేతిలోకి తీసుకుని కవర్ చింపేసింది, తర్వాత అది పట్టుకుని బౌల్ ఎలా కడగాలా అని చూస్తోంది. పాతది తీసిన చేతికి కొత్తదే గుర్తొస్తుందనుకుంటా. కవర్ తీసే స్టెప్ ఇప్పుడున్న చోటే ఉంచాలా, లేక కడగడానికి ముందే అది అయిపోయేలా వరస మార్చాలా అర్థం కావట్లేదు.

మాన్యువల్_కమల

వరస అలాగే ఉంచండి, కవర్ ముందే తీస్తే కడిగే చోట క్యాండిల్ మురికవుతుంది. 9లో "బౌల్" అన్న మాట లావుగా అచ్చు వేసి చూడండి, లేదంటే పక్కన చిన్న బొమ్మ. ఇంకో ఇద్దరికి ఇచ్చి చేయించండి, వాళ్లూ అక్కడే చింపితే అప్పుడు ఆలోచిద్దాం. ఈసారి మీకు బంధువులు కానివాళ్లకి ఇవ్వండి, పిన్ని మిమ్మల్ని అడిగేసింది, ఫోన్ చేసేవాళ్లకి ఆ అవకాశం ఉండదు.

విజయ_నెల్లూరు

శీను అన్నా వేరే థ్రెడ్ పెట్టాను, చూడండి. అలాగే ఈ కాగితం ఫైనల్ అయ్యాక ఇక్కడ పెట్టండి, మా ఇంట్లో పాతదానికి కూడా ఇలాంటి బౌలే ఉంది, దానికి పైన ఎర్ర బటన్ ఉంది మరి, అప్పుడు 2, 3 చేయాలా వద్దా?

బాషా_టెక్నీషియన్

వాల్వ్ మూశాక బటన్ నొక్కమ్మా, నీళ్లు చిమ్ముతాయి, ఆగేదాకా నొక్కి పట్టు. 2, 3 అక్కర్లేదు. ప్లగ్ మాత్రం తియ్యి.

శీనూ, బటన్ ఉన్నవాళ్లకి ఇంకో కాగితం కొట్టించాల్సిందే నువ్వు.